చదువు రాని అమ్మ కూడా పిల్ల చదివేది వినగలదు: గంటంబావు వర్క్‌షాప్ ఎలా నడపాలి

ప్రశ్న: గుంటూరులో మున్సిపల్ ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి చెప్తున్నాను, 32 మంది పిల్లలు. ఇంట్లో చదివించడం గురించి తల్లిదండ్రులకి వర్క్‌షాప్ పెట్టమని హెచ్ఎం గారు అన్నారు, గంటంబావు టైం ఇచ్చారు. సగం మంది అమ్మలకి చదువు రాదు, మిర్చి పనికి వెళ్తారు. చిన్న చిన్న డెమోలు చూపించాలని ఉంది. ఏవి చూపించాలి, ఎలా చూపించాలి? చేసినవాళ్ళు చెప్పండి.

సమాధానం:

టీచర్ గారూ, నేను ఇరవై ఏళ్ళకి పైగా ఎస్‌జీటీగా పనిచేశాను, ముందు విజయవాడ సింగ్‌నగర్‌లో, కృష్ణలంకలో, తర్వాత మీ గుంటూరులో. ఇలాంటి మీటింగులు చాలానే పెట్టాను, అందులో మొదటివి బాగా చెడిపోయాయి, ఎందుకు చెడిపోయాయో తెలిశాకే మిగతావి కుదిరాయి. అందుకని పది డెమోల లిస్టు ఇవ్వను. గంటంబావులో ఒక్క అలవాటే నేర్పండి. పిల్లవాడు చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయినప్పుడు, లేదా తప్పు చదివినప్పుడు, పక్కనున్న పెద్దవాళ్ళు ఏం చేయాలి, అంతే. డెమోలన్నీ ఆ ఒక్కదాని చుట్టూనే తిరగాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 1970ల చివర్లో, చదవడంలో వెనకబడిన పిల్లల అమ్మానాన్నలకి ఇంట్లో చదివించడం నేర్పుతూ కొందరు పరిశోధకులు ఒక పద్ధతి తయారు చేశారు, దాన్ని ‘పాజ్, ప్రాంప్ట్, ప్రెయిజ్’ అంటారు. ఆగాలి, చిన్న సాయం అందించాలి, చేసినదాన్ని మెచ్చుకోవాలి. అందులో ఆగడం అంటే దాదాపు ఐదు సెకన్లు. వినడానికి చిన్న విషయమే కానీ, మీరు ఈరోజే మీ క్లాసులో ఒక పిల్లవాడి చేత చదివించి, వాడు ఆగినప్పుడు మీరు ఎంతసేపట్లో అందిస్తున్నారో చూసుకోండి. చాలామందిమి ఒక సెకను కూడా ఆగం. ఇంట్లో అయితే ఆ సెకను కూడా ఉండదు, ‘అది కూడా రాదా’ అనే మాట ముందే వచ్చేస్తుంది.

చదువు రాని అమ్మల సంగతి ముందు చెప్తాను, మీ అసలు చిక్కు అదే కాబట్టి. చదువు రాకపోతే తప్పు ఎలా పట్టుకుంటుంది అని మనం అనుకుంటాం. తెలుగులో పట్టుకోగలదు, చాలాసార్లు మనంత బాగా పట్టుకోగలదు. మూడో తరగతి పిల్లలు చేసే తప్పులు ఎక్కువగా ఎక్కడొస్తాయో మీకు తెలుసు: దీర్ఘం మింగేస్తారు, వత్తు వదిలేస్తారు. ‘అమ్మ గిన్నెలో పాలు పోసింది’ అన్నదాన్ని ‘పలు పోసింది’ అని చదువుతారు, ‘పెద్ద చప్పుడు’ని ‘పెద చపుడు’ అంటారు, ‘మెల్లగా’ని ‘మెలగా’ అంటారు. పుస్తకం చూడకుండా వింటున్న మనిషికి కూడా ‘పలు పోసింది’ అనగానే చెవికి తేడా తెలుస్తుంది. పలు ఏంటి, పోయడం ఏంటి? అక్కడ ఆమె అనాల్సింది ఒకటే: ‘నాకు అర్థం కాలేదు నాన్నా, ఆ లైను ఇంకోసారి చదువు.’ తప్పు అనక్కర్లేదు, సరైనది చెప్పక్కర్లేదు, అక్షరం తెలియక్కర్లేదు. పిల్లవాడు మళ్ళీ చూసుకుంటాడు, చాలాసార్లు తనే ‘పాలు’ అని దిద్దుకుంటాడు, ఎందుకంటే వాడికి కూడా పాలు తెలుసు, పోయడం తెలుసు.

దీనికి ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. ‘గిన్నె కింద పడింది’ అన్నదాన్ని ‘గిన్నె కింద పడిపోయింది’ అని చదివితే ఆమెకి తెలియదు. పర్లేదు, అలాంటి తప్పు పిల్లవాడు అర్థం పట్టుకుని చదువుతున్నాడనే చెప్తుంది. రెండోది, ఇది పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషలోనే పనిచేస్తుంది. ఎవరో ఒక నాన్న తప్పకుండా లేచి ‘మాది ఇంగ్లీషు మీడియం కదా, తెలుగు ఎందుకు చదివించాలి’ అని అడుగుతాడు. దానికి ఇదే జవాబు. ఇంగ్లీషు లైను తప్పు చదివితే ఇంట్లో ఎవరి చెవికీ తెలియదు, పిల్లవాడి చెవికీ తెలియదు. మన బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయి కదా, ఆ తెలుగు పేజీనే ఇంట్లో చదవమనండి. పాత గుంటూరు వైపు ఉర్దూ మాట్లాడే ఇళ్ళు మీ క్లాసులో ఉంటే, ఆ అమ్మలకి తెలుగు బాగా వస్తుందా లేదా ముందే కనుక్కోండి. రాకపోతే అక్కో, అన్నో, పక్కింటి పెద్దమ్మో వర్క్‌షాప్‌కి రావాలి.

ఇక ఏర్పాట్లు. 32 మందిని ఒకేసారి పిలవకండి, రెండు బ్యాచులు చేయండి, పదహారేసి. ప్రతి ఐదారుగురికి ఒక సహాయకురాలు కావాలి, ఇంకో టీచరో, డీఎల్‌ఎడ్ చేసే అమ్మాయిలో. అంతకంటే ఎక్కువమంది ఉంటే డెమో కాస్తా ఉపన్యాసం అయిపోతుంది. రోజు ఎంచుకునేటప్పుడు మిర్చి యార్డుకి సెలవు ఉన్న రోజు చూడండి. సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, జనవరి నుంచి ఎండాకాలం దాకా, తొడిమలు తీసే పనికి, తాలు కాయలు ఏరే పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక పూట మానుకుంటే ఆ పూట కూలి పోయినట్టే. అది అడిగే హక్కు మనకి లేదు. వీలైతే వానాకాలంలోనే పెట్టేయండి.

పిలుపు కాగితం మీద పంపకండి. పిల్లవాడి గొంతుతో పదిహేను సెకన్ల వాట్సాప్ వాయిస్ మెసేజ్ రికార్డు చేసి పంపండి: ‘అమ్మా, ఆదివారం పది గంటలకి మా బడికి రా, నేను నీకు చదివి వినిపిస్తాను.’ చదువు రానివాళ్ళకి అందే పిలుపు అదే, పైగా దానికి రాకుండా ఉండటం కష్టం. ఇంకో చిన్న విషయం, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది: గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టి సంతకం చేయమనకండి. వేలిముద్ర వేసే అమ్మ లోపలికి వచ్చేలోపే తల దించుకుంటుంది, ఆ గంటంబావు ఇక నోరు విప్పదు. పిల్లల చేతే ‘మా అమ్మ వచ్చింది’ అని వాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టించండి, హాజరు లెక్క మీకు వచ్చేస్తుంది.

కుర్చీలు వద్దు, చాపలు వేయండి. పిల్లవాడు అమ్మకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే పుస్తకం ఒకరికి తలకిందులవుతుంది, అప్పుడు అమ్మ మొహమే వాడికి పుస్తకం అవుతుంది.

చదివే షీటు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. డెమోకి కష్టమైన పాఠం ఇస్తే పిల్లవాడు అడుగడుగునా ఆగుతాడు, అమ్మకి సిగ్గు, వాడికి ఏడుపు. మరీ తేలికైంది ఇస్తే గడగడా చదివేస్తాడు, అమ్మకి అభ్యాసం చేసే అవకాశమే రాదు. ఒక చిన్న పేరాలో రెండు మూడు చోట్ల తడబడాలి, ఐదు దాటకూడదు. అందుకని ముందు వారం ప్రతి పిల్లవాడి చేత ఒక నిమిషం చదివించి వినండి, మూడు గుంపులు చేసుకోండి. పేరా చదవగలవాళ్ళకి నేను వాడే షీటు ఇలా ఉంటుంది:

‘అమ్మ గిన్నెలో పాలు పోసింది. పిల్లి మెల్లగా వంటింట్లోకి వచ్చింది. గిన్నె కింద పడింది. పెద్ద చప్పుడు అయింది. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్లి బల్ల కిందకి దూరింది. పాలన్నీ నేల మీద పోయాయి.’

పాతిక మాటలు. అందులో దీర్ఘం మింగే చోట్లు, ద్విత్వం వదిలే చోట్లు, ‘ట్లో’ దగ్గర తడబడే చోటు కావాలనే పెట్టాను. అన్నీ ఇంట్లో రోజూ వినపడే మాటలే కాబట్టి తప్పు చదివితే వినేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. పేరా ఇంకా రాని గుంపుకి ఇందులోవే రెండు మూడు చిన్న వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయండి. అక్షరాల దగ్గరే ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళకి బొమ్మ కింద ఒక మాట ఉన్న కార్డులు ఇవ్వండి, వాళ్ళ అమ్మలతో మాత్రం మీరే కూర్చోండి. ఆ పిల్లల పని ఇంకా బడిదే, దాన్ని ఇంటి మీద వేయకూడదు.

మొదటి డెమో పెద్దవాళ్ళ మధ్యే జరగాలి. పిల్లల చేత మొదటి అరగంట పక్క గదిలో బొమ్మలు వేయించండి. కారణం చెప్తాను. నేను మొదట్లో ఒక స్కూల్లో ‘ఇలా చేయకూడదు’ అని చూపించడానికి నిజం పిల్లవాడినే ముందు కూర్చోబెట్టాను. వాడు నిజంగానే ఆగిపోయాడు. నేను నటనగా కసిరాను, వాళ్ళ అమ్మ అందరి ముందూ నిజంగా వీపు మీద ఒకటి వేసింది. ఆ పిల్లవాడు ఆ సంవత్సరం మొత్తం నా ముందు గొంతెత్తి చదవలేదు. తప్పు పద్ధతి చూపించేటప్పుడు పిల్లవాడి పాత్ర ఎప్పుడూ పెద్దవాళ్ళే వేయాలి.

దానికి నేను చేసేది ఇది. నాలుగు తెలుగు వాక్యాలు తీసుకుని కన్నడ లిపిలో రాయించండి. మాటలు తెలుగే, లిపి మాత్రం కన్నడ. తెలిసినవాళ్ళ చేత రాయించినా సరే, ఇంటర్నెట్‌లో లిపి మార్చే టూల్స్ ఉన్నాయి, వాటితోనైనా సరే. కన్నడ అక్షరాలు మనవాటికి బాగా దగ్గర కాబట్టి చదివేవాళ్ళకి కొన్ని వెంటనే తెలుస్తాయి, కొన్ని దగ్గర ఆగిపోతారు, కొన్ని పక్క మాటల్ని బట్టి పోల్చుకుంటారు. మూడో తరగతి పిల్లవాడి పరిస్థితి సరిగ్గా అదే. మీతోపాటు ఉన్న టీచరు చేత ముందు చదివించండి. ఆమె చదువుతుంటే మీరు పక్కన నిలబడి ‘ఊఁ, తొందరగా’, ‘ఇది నిన్ననే చెప్పాను కదా’, ‘అక్షరాలు విడివిడిగా చెప్పు’ అంటూ ఉండండి. ఒక నిమిషం చాలు. తర్వాత చదువు వచ్చిన ఒక నాన్నని అడగండి, ఆయన ఒప్పుకుంటేనే. ఈసారి మీరు ఆయన పక్కన కూర్చుని, ఆగిన చోట నోరు మూసుకుని, చీర కొంగు కింద వేళ్ళు మడుస్తూ ఐదు దాకా లెక్కపెట్టండి. గదిలో అందరి చేతా లెక్కపెట్టించండి, మనసులోనే. ఐదు దాకా వచ్చేలోపు చాలాసార్లు ఆ మాట వచ్చేస్తుంది, అప్పుడు గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదులుతారు, అది మీకు వినపడుతుంది.

ఆ తర్వాత మీరు అడగాల్సింది ఒక్క ప్రశ్న, చదివిన టీచర్ని, ఆ నాన్నని: ‘పక్కన మాట్లాడుతుంటే ఎలా అనిపించింది?’ వాళ్ళు చెప్పేది చెప్పనివ్వండి, మీరు వివరణ కలపకండి. ఈ డెమో మొత్తం ఎనిమిది నిమిషాలు దాటకూడదు.

రెండో డెమో చెవి డెమో. ఇది చదువు రాని అమ్మల కోసం, కానీ ఆ మాట పైకి అనకండి. ‘వంట చేస్తూ, కూరగాయలు తరుగుతూ వినేవాళ్ళ కోసం’ అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు, ఎంత చదువుకున్న అమ్మకైనా రాత్రి ఏడు గంటలకి చేతులు ఖాళీగా ఉండవు. మీరు కాగితం చేతిలో పట్టుకుని పిల్లలాగా చదవండి, వాళ్ళకి కాగితం కనపడకూడదు. ‘అమ్మ గిన్నెలో పలు పోసింది.’ తేడా వినపడితే చెయ్యెత్తమని ముందే చెప్పండి. చేతులు లేస్తాయి, చదువు వచ్చినవాళ్ళవీ, రానివాళ్ళవీ ఒకేసారి లేస్తాయి. తర్వాత ‘పిల్లి మెలగా వచ్చింది.’ తర్వాత ఒక వాక్యం సరిగ్గా చదవండి, చెయ్యి లేవకూడదు. తర్వాత ఒక వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చదవండి, ‘అ... మ్మ... ప... రు... గె... త్తు...’ అని. ఇక్కడ తప్పేమీ లేదు, కానీ వినేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. అప్పుడు అనాల్సిన మాట వేరు: ‘ఇప్పుడు అంతా కలిపి ఒకసారి చదువు.’

ఈ రెండు మాటలే వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళాలి. ‘అర్థం కాలేదు, ఆ లైను ఇంకోసారి చదువు’, ‘కలిపి ఒకసారి చదువు’. గదిలో అందరి చేతా గట్టిగా అనిపించండి, నాలుగైదు సార్లు. వాళ్ళ యాసలో, వాళ్ళ పిలుపుతో అననివ్వండి, ఒకరు ‘నాన్నా’ అంటారు, ఒకరు ‘బంగారం’ అంటారు, ఒకరు ‘ఒరేయ్’ అంటారు. ఒరేయ్ పర్లేదు. గొంతు మెత్తగా ఉంటే చాలు.

మళ్ళీ చదివినా రాకపోతే? ఇది తప్పకుండా అడుగుతారు. చదువు వచ్చిన అమ్మానాన్నలయితే వత్తు కింద వేలు పెట్టి ‘ఇక్కడ కింద ఏముంది?’ అని ఒక్కసారి అడగొచ్చు. అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి, వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివించాలి, అక్కడే కూర్చోబెట్టి సాగదీయకూడదు. చదువు రాని అమ్మలయితే ‘దాని కింద పెన్సిల్‌తో గీత గీసి ముందుకి వెళ్ళు, రేపు టీచర్ని అడుగుదువుగాని’ అనాలి. ఈ గీత నాకు చాలా ఇష్టమైన సంగతి. పొద్దున్న పుస్తకాలు బడికి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఆ గీతలు చూడండి. ఒక పాప పుస్తకంలో గీతలన్నీ ‘ష్ట, స్త్ర, ర్థ’ల కింద ఉంటాయి, ఇంకో బాబువి ‘కొ, కో’ల కింద ఉంటాయి. ఎవరికి ఏం నేర్పాలో ఆ అమ్మలు మీకు చూపిస్తున్నట్టే. కానీ మీరు ఆ గీతలు చూడకపోతే వారం తిరిగేసరికి పిల్లలు గీయడం మానేస్తారు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మెచ్చుకోవడం గురించి పెద్ద డెమో అక్కర్లేదు. ‘గుడ్’, ‘వెరీ గుడ్’ అన్నా తప్పు లేదు గానీ దానివల్ల వాడికి ఏం తెలియదు. ‘పలు అన్నావు, మళ్ళీ నువ్వే పాలు అని సరిచేసుకున్నావు’ అంటే ఏం చేస్తే బాగుంటుందో తెలుస్తుంది. రెండు సార్లు చూపిస్తే పట్టుకుంటారు.

అప్పటికి అరగంట అయి ఉంటుంది. ఇప్పుడు పిల్లల్ని పిలవండి. ప్రతి పిల్లవాడు తన అమ్మ పక్కన కూర్చుని తన షీటు చదువుతాడు, పదిహేను నిమిషాలు. గది సంతలా ఉంటుంది, ఉండనివ్వండి. చాలామంది టైం లేదని ఈ భాగమే వదిలేస్తారు, అలా వదిలేసిన వర్క్‌షాప్ వల్ల ఇంట్లో ఏమీ మారదు, నేను రెండుసార్లు చూశాను. చూసి వెళ్ళినవాళ్ళు ‘బాగుంది మేడం’ అంటారు. చేసి వెళ్ళినవాళ్ళు ఇంట్లో చేస్తారు.

ఈ పదిహేను నిమిషాల్లో సహాయకులు ఏం చూడాలో ముందే చెప్పి ఉంచండి. పుస్తకం ఎవరి చేతిలో ఉంది? అమ్మ చేతిలో ఉంటే మెల్లగా పిల్లవాడి చేతికి మార్చాలి. పిల్లవాడి కళ్ళు ఎక్కడున్నాయి? ఆగినప్పుడు కాగితం వైపే చూస్తుంటే వాడు ఆలోచిస్తున్నాడు, అమ్మ మొహం వైపు చూస్తుంటే అందిస్తుందని ఎదురు చూస్తున్నాడు, అంటే ఇంట్లో ఎప్పుడూ అందించేస్తున్నారు. అమ్మ పెదవులు వాడికంటే ముందే కదులుతున్నాయా? అదీ అదే. సహాయకురాలు ఒక్కో జంటకి ఒక్క మాటే చెప్పాలి, అదీ అమ్మ చెవిలో, పిల్లవాడికి వినపడకుండా. ‘ఐదు దాకా ఆగండమ్మా’ అంటే చాలు. పుస్తకాన్ని మరీ కళ్ళ దగ్గర పెట్టుకుని చదివే పిల్లలు ఒకరిద్దరు కనపడతారు, వాళ్ళ పేర్లు రాసుకోండి, కంటి పరీక్ష చేయించాలి.

ఒక జంట సంగతి చెప్తాను. గుంటూరులోనే, అమ్మ మిర్చి తొడిమలు తీయడానికి వెళ్తుంది, చదువు రాదు, పాప మూడో తరగతి. పాప ఆ పిల్లి షీటే చదువుతోంది. ‘పిల్లి మెల్లగా వంటింట...’ దగ్గర ఆగి అమ్మ మొహం చూసింది. అమ్మ ఒళ్ళో వేళ్ళు మడుస్తోంది, ఒకటి, రెండు, మూడు. పాప మళ్ళీ కాగితం వైపు తిరిగింది, ‘వంటింటలోకి’ అంది. అమ్మ ‘అర్థం కాలేదు తల్లీ, ఆ లైను ఇంకోసారి చదువు’ అంది. పాప మొదటి నుంచి చదివి ‘వంటింట్లోకి’ అనేసింది. ఆ అమ్మ నా వైపు తిరిగి ‘నేను కూడా చదివించాను కదండీ’ అంది. ఆ తర్వాత ఇంకో వాక్యంలో ‘చప్పుడు’ని ‘చపుడు’ అంటే ఆమె పట్టుకోలేదు, ఎందుకంటే మాటల్లో కొందరు అలాగే అంటారు. నేనూ ఏమీ అనలేదు. ఆ ఒక్కటీ మర్నాడు నేను క్లాసులో చూసుకున్నాను.

చివరి పది నిమిషాలు టైం గురించి. రోజూ చదివించండి అని చెప్పకండి, కుదరదు, కుదరనప్పుడు మొత్తం మానేస్తారు. వారానికి నాలుగు రోజులు, పదేసి నిమిషాలు. ఏ టైంలో చేస్తారో ప్రతి ఒక్కరి చేతా పైకి చెప్పించండి, అందరి ముందూ. ‘అన్నం ఉడికేటప్పుడు’, ‘నేను పని నుంచి వచ్చి టీ తాగేటప్పుడు’, ‘సీరియల్‌కి ముందు’. గడియారం టైం కంటే ఇలా ఒక పనికి ముడిపెట్టిన టైం నిలుస్తుంది. పిల్ల వంటింటి గడప మీద కూర్చుని చదువుతుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచే వినొచ్చు, చెవి డెమో పనికొచ్చేది అక్కడే. ఆపే గుర్తు కూడా చెప్పండి: పిల్ల ఆవులిస్తున్నా, ఒకే లైను మూడోసారి చదివినా రాకపోయినా ఆ రోజుకి ఆపేయాలి. చివర్లో ఒక్క ప్రశ్న, ‘తర్వాత ఏమైంది, నాకు చెప్పు’ అని. కథ పిల్ల నోట మళ్ళీ వస్తే చదివింది తలకెక్కినట్టు.

పుస్తకం లేకుండా ఇంటికి పంపకండి. బడి లైబ్రరీ పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే తీయించండి. చిరిగిపోతాయి, ఒకటీ అరా పోతాయి, ఆ నష్టానికి ముందే సిద్ధపడాలి, అమ్మల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. పుస్తకాలు చాలకపోతే storyweaver.org.in లో తెలుగు కథలు లెవెల్ ప్రకారం ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి ఇవ్వడానికి అనుమతి కూడా ఉంది. లెవెల్ 1, 2 తో మొదలుపెట్టండి. ఫోన్లో చదివించమని మాత్రం చెప్పకండి, రెండు నిమిషాల్లో చదువు పోయి వీడియో వస్తుంది. ఒక్కో కథ ప్రింటు తీసి, పాలిథిన్ కవర్లో పెట్టి, వారానికి ఒకటి మార్చండి.

రెండు వారాల తర్వాత ఇరవై నిమిషాల మీటింగ్ ఒకటి పెట్టండి, ఆ తేదీ మొదటి రోజే చెప్పేయండి. దానికి ముందు రోజు క్లాసులో పిల్లల్ని అడగండి: ‘నువ్వు ఆగిపోతే అమ్మ ఏం చేస్తోంది?’ వేళ్ళు మడిచి చూపించే పిల్లలుంటారు, ‘అమ్మ వినట్లేదు’ అనేవాళ్ళుంటారు, ‘నాన్న కొడుతున్నాడు’ అని ఒకరిద్దరు అంటారు. ఆ ఒకరిద్దరి ఇళ్ళకి మీరే వెళ్ళండి. వాళ్ళ నాన్నలని బడికి పిలిచి అందరిలో అడిగితే ఆ రాత్రి దెబ్బ మళ్ళీ ఆ పిల్లవాడికే తగులుతుంది. ఇంటికి వెళ్ళి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు లైన్లు మీరు చదివించండి, ఆగిన చోట ఆగండి, ఆయన చూస్తుండగా. తర్వాతి లైను ఆయన్ని చదివించమనండి.